కారు మంచం వద్దు, నానమ్మకు సరిపోయే మంచం చేయించండి

ప్రశ్న: మా పాపకు రెండున్నరేళ్ళు. రాజమండ్రిలో కొత్త అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. పాప గది 10 అడుగుల వెడల్పు, 11 అడుగుల పొడవు. తలుపు దక్షిణం గోడలో పడమర మూలన ఉంది, కిటికీ ఉత్తరం వైపు. ఇంటీరియర్ కాంట్రాక్టర్ కారు ఆకారం మంచం, సీలింగులో మేఘాలు, కిటికీ పక్కన గోడకు బిగించిన స్టడీ టేబుల్, కార్టూన్ బొమ్మల వార్డ్‌రోబ్ అంటూ 3 లక్షల 20 వేలు కోట్ ఇచ్చాడు. మాకు మళ్ళీ మళ్ళీ ఖర్చు పెట్టే ఓపిక లేదు. ఇప్పుడు చేయించింది పాప ఇంటర్‌కి వచ్చేదాకా పనికిరావాలి. మా అత్తగారు మాతోనే ఉంటారు, పాప ఆవిడ దగ్గరే పడుకుంటుంది. ఏం చేయించమంటారు?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: మీ ఉత్తరంలో అన్నిటికంటే పనికొచ్చే మాట చివరి వాక్యంలో ఉంది. పాప మీ అత్తగారి దగ్గర పడుకుంటుందంటే ఆ గదిలో మొదట కాపురం ఉండబోయేది నానమ్మ. కాంట్రాక్టర్ వేసిన డ్రాయింగులో ఆవిడకు చోటు లేదు. మన ఇళ్ళలో పిల్లల గది దాదాపు ఇలాగే నడుస్తుంది. ఆరేడేళ్ళు వచ్చేదాకా పిల్లలు ఒంటరిగా పడుకోరు. పదో తరగతి అయ్యాక చాలామంది హాస్టల్‌కి వెళ్ళిపోతారు. మధ్యలో ఎనిమిదేళ్ళో తొమ్మిదేళ్ళో గది పూర్తిగా వాళ్ళది. మిగతా రోజుల్లో నానమ్మ, చుట్టాలు, పండక్కి వచ్చిన పిన్ని పిల్లలు. అందుకని మంచం, వార్డ్‌రోబ్ మొదటి రోజు నుంచే పెద్దవాళ్ళ కొలతల్లో చేయించాలి. పిల్ల కొలతలకు కావలసినవి వాటి లోపలో, పక్కనో విడిగా ఉండాలి, తీసేయడానికి వీలుగా.

మంచంతో మొదలుపెడదాం. చాలా కారు మంచాలు చిన్నపిల్లల కొలతలకే చేస్తారు. అందులో పాప ఇంటర్ దాకా ఇమడదు. నానమ్మ పక్కన పడుకోవడం ఎలాగూ కుదరదు. పక్కలకు ఎత్తుగా వచ్చే ఆ కారు తలుపుల మీంచి దుప్పటి సర్దడం కూడా రోజూ ఒక పనే. దాని బదులు 78 అంగుళాల పొడవు, 36 అంగుళాల వెడల్పు పరుపు పట్టే మామూలు మంచం చేయించండి. పరుపు వేశాక పైఎత్తు 18 అంగుళాలు ఉండాలి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు పాదాలు నేలమీద ఆనించి లేవడానికి ఆ ఎత్తు కావాలి. చిన్నపిల్లల గదుల ఫొటోల్లో కనిపించే నేలబారు మంచాల మీద నుంచి ఆవిడ లేవలేరు.

మరి పాప 18 అంగుళాల మీద నుంచి పడదా అంటారా? అందుకే దాని కింద ఇంకో మంచం. సొరుగులా బయటికి లాగే పుల్ అవుట్ మంచం, చక్రాల మీద నడిచేది. వడ్రంగికి ఈ లెక్క చెప్పండి. పై మంచం పలకల ఎత్తు 13 అంగుళాలు, దాని మీద 5 అంగుళాల పరుపు. కింద మంచానికి 2 అంగుళాల చక్రాలు, దానిమీద ముప్పావు అంగుళం ప్లై, ఆపైన 4 లేదా 5 అంగుళాల ఫోమ్ పరుపు. మొత్తం 8 అంగుళాల లోపే వస్తుంది కాబట్టి పై మంచం ఫ్రేమ్ కింద ఇబ్బంది లేకుండా దూరుతుంది. కింది పరుపు కొలత 72 అంగుళాలకు 33 చాలు. రాత్రి పాప అక్కడ, నానమ్మ పైన. చెయ్యి చాపితే అందే దూరం. దొర్లి కింద పడ్డా 8 అంగుళాలే, కింద ఒక చాప పరిచి ఉంటే ఏడుపు కూడా ఉండదు. ఆరేడేళ్ళకి పాప పైకి వెళ్తుంది, కింది మంచం సెలవులకి వచ్చే పిల్లలకి. పదమూడు పద్నాలుగేళ్ళకి అక్కడ స్నేహితురాలు పడుకుంటుంది. ఎవరూ రాని రోజుల్లో పరుపు తీసేసి పాత పుస్తకాల పెట్టెగా వాడుకోవచ్చు.

దీనికి రెండు షరతులున్నాయి. మీ ఊళ్ళో గోదావరి గాలికి తేమ ఎక్కువ, కిందికి తోసేసిన పరుపుకి గాలి ఆడదు. పై మంచానికీ కింది మంచానికీ పూర్తి ప్లై షీటు వేయకుండా రెండున్నర, మూడు అంగుళాల సందులతో పలకలు వేయించండి. అప్పుడు కింది మంచానికి ప్లై చట్రం మాత్రమే మిగులుతుంది. వారానికొకసారి కింది పరుపును నిలబెట్టి ఎండ తగలనివ్వాలి. అలా చేయకపోతే వానాకాలం అయ్యేసరికి పరుపు అడుగున నల్లటి చుక్కలు వస్తాయి, ముక్క వాసన కూడా పడుతుంది. రెండోది, చక్రాలకి బ్రేకు ఉన్నవే తీసుకోండి. నానమ్మ రాత్రి లేచి కాలు మోపితే మంచం జారకూడదు.

బంక్ బెడ్ మాట ఎవరైనా ఎత్తితే ఫ్యాను లెక్క చెప్పండి. మన అపార్ట్‌మెంట్లలో నేల నుంచి స్లాబుకి తొమ్మిదిన్నర అడుగులు. అడుగు రాడ్డుతో ఫ్యాను వేలాడితే రెక్కలు ఎనిమిదిన్నర అడుగుల దగ్గర తిరుగుతాయి. సీలింగు దించితే ఇంకా కిందికి. పై బెర్తు పరుపు 5 అడుగుల ఎత్తున ఉంటే పదేళ్ళ పిల్ల దాని మీద నిలబడగానే తల 9 అడుగులు దాటుతుంది. పరుపు మీద గెంతే వయసులో దీన్ని నమ్మడం కష్టం. ఫ్యాను మంచానికి ఎంత దూరంలో ఉందో చూడకుండా బంక్ గీసేవాళ్ళు చాలామంది ఉన్నారు. పైగా పై బెర్తు మీద ఆరేళ్ళ లోపు పిల్లలు పడుకోకూడదు. మీ ఇంట్లో ఉన్నది ఒక్క పాపే కాబట్టి దాని అవసరమూ లేదు.

ఇప్పుడు గదిలో ఎక్కడ ఏది. తూర్పు గోడకు ఆనించి, తల దక్షిణంగా మంచం. హెడ్‌బోర్డుతో కలిపి 6 అడుగుల 8 అంగుళాలు పోతే ఉత్తరం మూల దాకా 4 అడుగుల 4 అంగుళాలు మిగులుతాయి. టేబుల్‌కి ఆ జాగా. పాప తూర్పు ముఖంగా కూర్చుంటే ఉత్తరం కిటికీ వెలుతురు ఎడమ నుంచి వస్తుంది. కుడిచేత్తో రాసే పిల్లకి నోటుబుక్కు మీద తన చేతి నీడే పడకుండా ఉంటుంది. (మీ అత్తగారికి వాస్తు పట్టింపు ఉంటే ఆవిడా ఒప్పుకుంటారు. పాప ఎడమచేతి వాటం అయితే మాత్రం టేబుల్ లైటు కుడి వైపుకి మార్చండి.) పడమర గోడకి, తలుపు తెరుచుకునే 3 అడుగులు వదిలేసి వార్డ్‌రోబ్. 10 అడుగుల వెడల్పులో వార్డ్‌రోబ్ 2, పై మంచం 3, లాగిన మంచం దాదాపు 3 పోతే రాత్రిపూట 2 అడుగుల దారి ఉంటుంది. అందుకే వార్డ్‌రోబ్ తలుపులు ఒక్కోటి అడుగు వెడల్పే పెట్టించండి. రెండడుగుల తలుపైతే పుల్ అవుట్ మంచానికి కొట్టుకుంటుంది.

మంచం గోడకి పూర్తిగా ఆనాలి. గోడకీ పరుపుకీ మధ్య చిన్న సందు ఉంటే అందులోకి పిల్ల ఒళ్ళు జారి తల ఇరుక్కునే ప్రమాదం ఉంది. స్కర్టింగ్ టైలు అడ్డొచ్చి మంచం అరంగుళం ఇవతలికి వచ్చేస్తుంటే, ఆ మందం మేరకు మంచం కాలు వెనక కోసేయమనండి.

వార్డ్‌రోబ్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. పెట్టిన డబ్బు పదిహేనేళ్ళు నిలిచేదీ, తప్పు చేస్తే పదిహేనేళ్ళు ఏడిపించేదీ ఇదే. 6 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు, రెండడుగుల చొప్పున మూడు గదులు. పెట్టె 18 మిల్లీమీటర్ల ప్లై, దానిమీద ఐ.ఎస్. 303 ముద్ర, నీటిని తట్టుకునే బి.డబ్ల్యు.ఆర్. గ్రేడు ఉందేమో చూసుకోండి. బయట లామినేటు తెలుపో, లేత గోధుమ రంగో, చెక్క రంగో ఏదైనా పరవాలేదు, బొమ్మలు మాత్రం వద్దు. నాలుగేళ్ళకి ఇష్టపడ్డ బొమ్మ ఏడేళ్ళకి సిగ్గు. తలుపు పలక మీద కావాలంటే స్టిక్కర్ అతికించుకుంటుంది, విసుగు పుట్టినప్పుడు పీకేస్తుంది.

అసలు విషయం లోపల ఉంది. మామూలుగా వడ్రంగులు అల్మారా పక్కపలకకి చెక్క పట్టీలు మేకులు కొట్టి దానిమీద అర పడేస్తారు. ఆ అర ఇక జన్మలో కదలదు. అలా వద్దని, పక్కపలకలకి కింద నుంచి పైదాకా వరుసగా రంధ్రాలు వేయమని చెప్పండి. 5 మిల్లీమీటర్ల రంధ్రం, ఒకదాని నుంచి ఒకటి 32 మిల్లీమీటర్లు, ముందు అంచు నుంచి 37 మిల్లీమీటర్లు లోపలికి ఒక వరుస, వెనక ఇంకో వరుస. మాడ్యులర్ కిచెన్ చేసే ప్రతివాడికీ తెలిసిన కొలత ఇది, చెప్పగానే అర్థమవుతుంది. రంధ్రాల్లో లోహపు పిన్నులు గుచ్చి దానిమీద అర పెడతారు. మీకు ఎత్తు మారాలనుకున్న రోజు నాలుగు పిన్నులు పీకి వేరే రంధ్రాల్లో పెట్టుకుంటే అయిపోతుంది. పని ముగిశాక ఒక పరీక్ష చేయండి. ఒకే అరను కింద, మధ్య, పైన మూడు చోట్ల పెట్టి చూడండి. ఎక్కడా ఊగకుండా నాలుగు పిన్నుల మీదా సమంగా కూర్చోవాలి. ఒక మూల లేస్తుంటే రంధ్రాలు చేత్తో కొలిచి కొట్టారని అర్థం. అచ్చుపలక పెట్టి మళ్ళీ వేయించండి.

ఇప్పుడు పాప ఎత్తు సుమారు 3 అడుగులు. చెయ్యి పైకెత్తితే మూడున్నర అడుగుల లోపే అందుతుంది. మధ్య గదిలో బట్టలు వేలాడదీసే రాడ్డు నేల నుంచి 2 అడుగుల 9 అంగుళాల దగ్గర పెట్టండి. గౌను హ్యాంగర్‌తో కలిపి రెండడుగులు మించదు కాబట్టి కింద కూడా చోటు మిగులుతుంది. తన గౌను తనే తీసుకుంటుంది, తీసినవన్నీ కింద పడేస్తుంది, అది వేరే సంగతి. అదే గదిలో పైన ఖాళీ ఉంటుంది కదా, అక్కడ 5 అడుగుల 9 అంగుళాల దగ్గర ఇంకో రాడ్డు. ఇప్పటికి అది మీది. ఎనిమిదో ఏటికి కింది రాడ్డు ఎత్తు 3 అడుగులు దాటుతుంది, పన్నెండు పదమూడేళ్ళకి కింది రాడ్డు పూర్తిగా తీసేస్తారు. పొడుగు కుర్తీలూ, వోణీల ఫంక్షన్‌కి కుట్టించిన లంగా మడత పడకుండా వేలాడాలంటే నిలువునా ఐదడుగులు కావాలి, అది ఆ పై రాడ్డు కిందే దొరుకుతుంది. ఎడమ గది నానమ్మ చీరలకి అరలుగా ఉంచండి. కుడి గదిలో నేల నుంచి రెండున్నర అడుగుల దాకా అరలు లేకుండా వదిలేయండి. ఇప్పుడు బొమ్మల బుట్టలు అందులో దూరతాయి, తర్వాత స్కూలు బ్యాగు, ఇంకా తర్వాత ట్రావెల్ సూట్‌కేసు.

పాప బట్టలకని విడిగా సొరుగుల బీరువా కొంటే మాత్రం గోడకి రెండు ఎల్ క్లాంపులతో బిగించాల్సిందే. పిల్లలు కింది సొరుగులు లాగి వాటిని మెట్లుగా ఎక్కుతారు, అప్పుడు బీరువా ముందుకు పడుతుంది. సొరుగులన్నీ ఒకేసారి లాగి, పై సొరుగును చేత్తో కిందికి నొక్కండి. వెనక కాళ్ళు నేల మీంచి లేస్తే అది మీ పాప ఎక్కినప్పుడూ లేస్తుంది. క్లాంపు బిగించేటప్పుడు గోడ ఏమిటో కనుక్కోండి. మీవి తెల్లటి తేలిక బ్లాకులైతే మామూలు ప్లాస్టిక్ ప్లగ్ కొన్నాళ్ళకు వదులైపోతుంది. వాటికోసమే అమ్మే పొడుగు నైలాన్ ప్లగ్గులు కావాలి.

టేబుల్‌కి వద్దాం. కాంట్రాక్టర్లు గోడకి బిగించే టేబుల్ ఎత్తు ఎప్పుడూ 30 అంగుళాలే, ఎవరికైనా సరే. ఆరేళ్ళ పిల్ల దానిమీద రాయాలంటే భుజాలు చెవుల దాకా ఎత్తాలి, కాళ్ళు గాల్లో ఊగుతాయి. పావుగంటకల్లా లేచి నేలమీద పడుకుని రాస్తుంది, మీరేమో బద్ధకం అనుకుంటారు. కూర్చున్నప్పుడు పాదాలు నేలకి ఆనాలి, మోచెయ్యి వంచితే టేబుల్ అంచు దానికి సమంగా ఉండాలి. ఆ లెక్కన 3 అడుగుల 9 అంగుళాల పిల్లకి, అంటే ఆరో ఏడు ప్రాంతంలో, టేబుల్ 21 అంగుళాలు, కుర్చీ 12. తొమ్మిదేళ్ళప్పుడు 23, 14. పదకొండు పన్నెండేళ్ళకి 25, 15. పదిహేనేళ్ళకి 28, 17. వయసు కంటే ఎత్తును చూసుకోండి, మోచెయ్యి పరీక్షే అసలు కొలత.

అందుకే ఇప్పుడు టేబుల్ కొనొద్దు. పాపకి ఐదేళ్ళు వచ్చేదాకా ఆ మూల ఖాళీగా చాప వేసి ఉంచండి. రెండున్నరేళ్ళ పిల్లకి బ్లాకులు పేర్చుకోవడానికి, పడుకుని బొమ్మ గీయడానికి కావలసింది నేలే. ఇంకో కారణం కూడా ఉంది. కిటికీ పక్కన టేబుల్ ఉంటే అది కిటికీ ఎక్కడానికి మెట్టు అవుతుంది. అంతస్తు ఎంతైనా సరే, కిటికీ గ్రిల్ చువ్వలు నిలువుగా, మధ్య సందు 4 అంగుళాలు మించకుండా ఉండాలి. బిల్డర్ అడ్డ చువ్వల గ్రిల్ పెట్టి ఉంటే అది నిచ్చెన, మార్పించండి. కర్టెన్లు రాడ్డుకి వేలాడేవే వేయండి, తాడు లాగి ఎత్తే బ్లైండ్స్ ఈ వయసు పిల్ల ఉన్న గదిలో వద్దు. ఆ తాడు మెడకి చుట్టుకుంటుంది.

టేబుల్ వేయించే రోజు వచ్చినప్పుడు ఫర్నిచర్ షాపుకి కాకుండా మీ వీధి చివర గ్రిల్ వెల్డింగ్ షాపుకి వెళ్ళండి. ఒకటిన్నర అంగుళం చదరపు పైపు, 2 మిల్లీమీటర్ల మందంది, నాలుగు కాళ్ళకి కింద. దాంట్లో దూరే అంగుళంపావు పైపు పైన, టేబుల్ ఫ్రేముకి వెల్డు చేసి. రెండు పైపులూ 18 అంగుళాలు. లోపలి పైపుకి అంగుళానికి ఒక రంధ్రం, బయటి పైపు పై భాగంలో రెండు రంధ్రాలు, కాలికి రెండు 8 మిల్లీమీటర్ల బోల్టులు. ఈ కాళ్ళ మీద 4 అడుగులకి 22 అంగుళాల ప్లై పలక. కిందికి దించితే 21 అంగుళాలు, పైకి లేపితే 28 దాకా వస్తుంది. అప్పటికీ లోపలి పైపు 10 అంగుళాలు బయటి దానిలోనే ఉంటుంది కాబట్టి ఊగదు. ఆర్డర్ ఇచ్చేముందు అక్కడే రెండు ముక్కలు తీసుకుని ఒకదాంట్లో ఒకటి దూర్చి చూడండి. బయటి పైపు లోపల వెల్డింగ్ గీత లేచి ఉంటుంది, అది ఆకురాయితో అరగదీయకపోతే పైపు సగంలో ఆగిపోతుంది. పైపు అడుగుకి రబ్బరు బుష్ వేయించండి, టైల్స్ గీతలు పడకుండా. ఏటా స్కూళ్ళు తెరిచే ముందు ఒకసారి మోచెయ్యి చూసి అవసరమైతే ఒక రంధ్రం పైకి జరపండి. కుర్చీ విషయంలో ఆఫీసు కుర్చీ తొందరపడి కొనకండి. చాలావాటి సీటు 16, 17 అంగుళాల కంటే కిందికి దిగదు. ఎనిమిది, తొమ్మిదేళ్ళ దాకా చిన్న కుర్చీలు రెండు మారిస్తే సరిపోతుంది. ఆ తర్వాత పెద్ద కుర్చీ, పాదాల కింద పీట.

ఇప్పుడు అసలైన ఖర్చు. మీరు ఇంకా రంగులు వేయించకపోతే మొదట పిలవాల్సింది ఎలక్ట్రీషియన్‌ని. గోడలోని పైపు మాత్రమే పదేళ్ళ తర్వాత మార్చలేనిది. టేబుల్ మూలలో రెండు ప్లగ్ బాక్సులు, నేల నుంచి 36 అంగుళాల ఎత్తున పెట్టించండి. టేబుల్ ఎంత పైకి లేచినా పలక వాటికి అడ్డం రాదు. ఇప్పుడు అక్కడ ఏమీ లేదు కదా అని మానుకోకండి. కావాలంటే ఖాళీ బాక్సు మీద మూత వేసి వదిలేయండి, లోపల లాగుడు తీగ ఉంటే చాలు. మంచం తల దగ్గర ఒక ప్లగ్గు, గది లైటుకి రెండు చోట్ల నుంచి వేసుకునే టూ వే స్విచ్చి. ఇప్పుడది నానమ్మకి రాత్రి లేవడానికి, తర్వాత పాపకి. హాల్లో వైఫై డబ్బా దగ్గర నుంచి టేబుల్ మూలకి 25 మిల్లీమీటర్ల ఖాళీ పైపు ఒకటి. పరీక్షల రోజుల్లో ఆన్‌లైన్ క్లాసు ఆగిపోతుంటే దాంట్లోంచి కేబుల్ లాగుతారు. ఏసీ ఇప్పుడు పెట్టకపోయినా దాని పాయింటు, నీరు పోయే గొట్టం దారి ఇప్పుడే ఉంచండి. తలుపు పక్క స్విచ్చి బోర్డు నాలుగున్నర అడుగుల ఎత్తున పెడతారు, 3 అడుగులకి దింపమనండి. పాపకీ అందుతుంది, పెద్దవాళ్ళకీ ఏ ఇబ్బందీ ఉండదు. ప్లగ్గులన్నీ లోపల షట్టర్ ఉన్నవి, ఇంటి మెయిన్ బోర్డులో షాక్ కొడితే వెంటనే కరెంటు ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. ఇది ఉందో లేదో బిల్డర్‌ని ఇవాళే అడగండి. పూత వేయకముందు ప్రతి గోడకీ టేపు పట్టి ఫొటోలు తీసి పెట్టుకోండి. ఎనిమిదేళ్ళ తర్వాత పుస్తకాల అర కోసం డ్రిల్లు పెట్టినప్పుడు పైపు ఎక్కడ ఉందో తెలుస్తుంది.

సీలింగు మేఘాలు తీసేయమనండి. ఆ డబ్బు ఈ వైరింగుకి, మంచి ప్లైకి సరిపోతుంది. లైట్లు రెండు చాలు. గదికి వెచ్చటి రంగు, 3000 కెల్విన్‌ది ఒకటి, చదువుకి 4000 కెల్విన్‌ది టేబుల్ లాంప్. రంగుల గురించి చెప్పేది తక్కువ. తుడిస్తే మరకలు పోయే ఎమల్షన్, మూడు గోడలకి ఒకే లేత రంగు. మంచం పక్క గోడ ఒక్కటి పాప ఇష్టం, అది నాలుగైదేళ్ళకొకసారి మారుతుంది, ఒక లీటరు డబ్బా పని. అదే గోడమీద, పరుపుకి రెండున్నర అడుగుల పైన, సాఫ్ట్ బోర్డు ఒకటి 6 అడుగుల పొడవున బిగించండి. మొదట పాప బొమ్మలు టేపుతో, పిన్నులు మింగే వయసు దాటాక పిన్నులతో, ఇంకొన్నేళ్ళకి పదో తరగతి టైంటేబుల్. ఇంటి పెయింట్లలో సీసం 90 పి.పి.ఎం. మించకూడదని మన దేశంలో 2017 నవంబరు నుంచి నిబంధన ఉంది, డబ్బా మీద ఆ మాట చూసి కొనండి. చెక్క పని అయ్యాక మూడు నాలుగు వారాలు వార్డ్‌రోబ్ తలుపులు, కిటికీ తెరిచే ఉంచండి. ఒక రాత్రి అల్మారా మూసి పొద్దున తెరిచి చూడండి. కళ్ళు మండితే జిగురులోని ఫార్మాల్డిహైడ్ ఇంకా పోలేదు, పాపని పడుకోబెట్టకండి.

తలుపు గడియ గురించి మీరు అడగలేదు కానీ చెప్పాలి. గది లోపలి టవర్ బోల్టు ఇప్పుడే ఊడదీయించండి. రెండున్నర, మూడేళ్ళ పిల్లలు గడియ వేసుకోవడం నేర్చుకుంటారు, తీయడం రాదు. లోపల ఏడుపు, బయట కంగారు, చివరికి తలుపు పగలగొట్టించిన ఇళ్ళు తక్కువేం లేవు. దాని బదులు బయట నుంచి రూపాయి బిళ్ళతో తిప్పి తీయగల తాళం పెట్టండి. అదే తాళం పన్నెండేళ్ళ తర్వాత ఆ పిల్లకి బట్టలు మార్చుకునేటప్పుడు కావలసిన ఏకాంతం ఇస్తుంది, మీరు తలుపు తట్టి లోపలికి వెళ్ళడం అలవాటు చేసుకుంటే. ఆ వయసుకి పాపతో పాటు నానమ్మ ఆ గదిలో ఉండకపోవచ్చు, అప్పుడు వార్డ్‌రోబ్‌లో ఆవిడ చీరల గది పాపకి ఇచ్చేయండి. తాళం చెవితో సహా.

కాంట్రాక్టర్‌తో మాట్లాడేటప్పుడు కోట్‌లోంచి కారు మంచం, సీలింగు, గోడ టేబుల్ మూడూ కొట్టేయించి, మిగిలిన దానికి మళ్ళీ కోట్ అడగండి. వార్డ్‌రోబ్‌కి ‘లోపలి పక్కపలకలకి 32 మిల్లీమీటర్ల వరుస రంధ్రాలు’ అని, మంచానికి ‘78కి 36 పరుపు, కింద పుల్ అవుట్’ అని కాగితం మీద రాయించండి. నోటిమాటగా ఒప్పుకున్న రంధ్రాలు పని రోజు చెక్క పట్టీలుగా మారిపోతాయి. ప్లై దిగిన రోజు షీట్ల మీద ముద్ర చూసి ఫొటో తీసుకున్నాకే అడ్వాన్సు రెండో విడత ఇవ్వండి.